మూడు ట్రేలు, ఒకే అంకె

చేపల షెడ్డుకి మేనేజరుగా వెళ్ళిన మొదటిరోజు నేను ముందు మనుషుల్ని చూడలేదు, రిజిస్టరు చూశాను. అది నా అలవాటు. మంచి అలవాటని చెప్పను.

షెడ్డు కొల్లేటికోట వైపు వెళ్ళే రోడ్డు పక్కన, చెరువుల మధ్య ఉంది. తెల్లారేసరికి చుట్టుపక్కల చెరువుల్లో వలలు లాగుతారు. ఎనిమిది దాటాక బొచ్చె చేపలూ శీలావతులూ షెడ్డుకి వస్తాయి. వాటిని కడిగి, సైజు చూసి, ప్లాస్టిక్ ట్రేల్లో ఒక వరస ఐసు, ఒక వరస చేప చొప్పున పేర్చి, పైన మళ్ళీ ఐసు కప్పుతారు. మొదటి ట్రే తొమ్మిదింటికి నిండుతుంది, చివరిది పన్నెండింటికి. లారీకి ఎక్కించి, మధ్యాహ్నం రెండింటికల్లా పంపించాలి. తలుపు మూసేముందు మూడు ట్రేల్లో చేప లోపలికి థర్మామీటరు గుచ్చి, ఎంత చల్లబడిందో రాయాలి. ముందు వరసలో ఒక ట్రే, మధ్యలో ఒకటి, తలుపు దగ్గర ఒకటి. తలుపు దగ్గర ట్రే ఎనిమిది డిగ్రీలకి దిగితేనే లారీ కదలాలన్నది ఆ షెడ్డు పద్ధతి.

రిజిస్టరులో గడిచిన రెండేళ్ళూ ఒకటే ఉంది. రెండు, రెండు, రెండు. ఎండాకాలమైనా, ముసురు పట్టిన రోజైనా, రెండు, రెండు, రెండు.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఏలూరులో ఇంటర్ తప్పి ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ గంటగంటకీ మీటర్లు చూసి రాసే పని. రాసినవి ఎందుకు అలా మారుతున్నాయో ఎవరూ చెప్పకపోతే, పాత పుస్తకాలు కొనుక్కుని నేనే నేర్చుకున్నాను. అందువల్ల ఒకటి తెలుసు. కిలోన్నర చేపలోంచి వేడి బయటికి రావడానికి గంటలు పడుతుంది. అయిదు గంటలు ఐసులో ఉన్న చేప, రెండు గంటలే ఉన్న చేప ఒకే చల్లదనంలో ఉండవు. మూడు ట్రేలూ రెండు చూపించాయంటే ఎవరూ కొలవలేదన్నమాట.

పాత రిజిస్టర్లు తీశాను. అంతకుముందు ఏళ్ళవి వేరేగా ఉన్నాయి. 2.4, 4.6, 7.8. 1.9, 5.1, 8.0. అవన్నీ చుక్క పక్కన అంకెతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. ఒక ఆషాఢంలో చుక్కలు ఆగిపోయాయి. చేతిరాత మాత్రం అదే, కొంచెం పెద్దదైంది. నా నోటుబుక్కులో రాసుకున్నాను: "పాత మేనేజరు చివరి రెండేళ్ళు కొలవలేదు."

ఆ పాత మేనేజరు అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేసి, నేను చేరడానికి నెలముందు మానుకుని తాడేపల్లిగూడెంలో తమ్ముడి ఇంటి పక్క వాటాలోకి వెళ్ళిపోయారు. షెడ్డులో మేస్త్రీతో కలిపి పదకొండుమంది పనివాళ్ళు. వాళ్ళు ఆయన్ని అయ్యగారు అంటారు, నన్ను మేనేజరు గారు అంటారు. ఆయన కుర్చీ ఐసు మిషను పక్కన అలాగే ఉంది. నేను అందులో కూర్చోబోతే, ట్రేలు కడిగే ఆవిడ తుడిచే నెపంతో దాన్ని జరిపి, నాకు ప్లాస్టిక్ స్టూలు వేసింది.

"అది కుంటుతుందండీ. మీరు పడతారు," అంది.

కుర్చీ ఏమీ కుంటడం లేదని తర్వాత చూశాను.

రోజూ లారీ కదలగానే మేస్త్రీ షెడ్డు వెనక్కి వెళ్ళి ఫోను చేసేవాడు. నాకు వినపడేటట్టే మాట్లాడేవాడు. "అయ్యగారూ, బండి కదిలిందండీ. రెండువందల పది ట్రేలు. ఆఁ, బానే ఉందండీ. మీరు భోంచేశారా?" ఆ తర్వాతే వాళ్ళు అన్నాలకి కూర్చునేవారు. నేను మేనేజరునైనా ఆ రోజు పని అయిందన్న మాట తాడేపల్లిగూడెం నుంచే రావాలి.

యజమాని ఏలూరులో ఉంటారు. నన్ను పెట్టుకున్నప్పుడే విషయం చెప్పారు. హైదరాబాదులో దుకాణాలున్న ఒక కంపెనీ మన దగ్గర చేప కొనాలని చూస్తోంది. నాలుగు నెలల్లో వాళ్ళ ఇనస్పెక్టరు వస్తాడు. తన థర్మామీటరు తనే తెచ్చుకుంటాడు. రిజిస్టరులో ఉన్నదీ, తన చేతిలో కనిపించిందీ కలవాలి. రెండేళ్ళ పాత రిజిస్టర్లు కూడా చూస్తాడు.

"కలవకపోతే ఆ పదకొండుమందినీ మాన్పించి కాంట్రాక్టరు మనుషుల్ని పెడతాను. ఆ మాట వాళ్ళతో చెప్పండి," అన్నారు.

చెప్పాను. మేస్త్రీ తలూపాడు. "అలాగేనండీ," అన్నాడు. మా వైపు అలాగేనండీ అంటే ఒప్పుకున్నట్టు కాదు. నేనూ ఇక్కడివాణ్ణే, నాకు ఆ సంగతి తట్టి ఉండాల్సింది.

నేను ఏలూరు నుంచి అంకెలు కనిపించే కొత్త థర్మామీటరు కొని తీసుకెళ్ళాను. కొలవడం మేస్త్రీ పని, రాయడం కూడా మేస్త్రీదే, కింద నా సంతకం. మొదటివారం బ్యాటరీ కనపడలేదు. కొత్తది వేస్తే రెండోవారం థర్మామీటరే కనపడలేదు.

"ఎక్కడ పెట్టారమ్మా?" అని ట్రేలు కడిగే ఆవిణ్ణి అడిగాను.

"తొట్టిలో పడిపోయుంటుందండీ. దానికీ ఈత రాదు గదా."

ఇంకొకటి కొన్నాను. అది ఉంది, కానీ కాయితం మీద మళ్ళీ రెండు, రెండు, రెండు. చుక్క వెయ్యమంటే వేశారు. రెండు చుక్క సున్నా, రెండు చుక్క సున్నా, రెండు చుక్క సున్నా.

ఆ సాయంత్రం లెక్కేసుకున్నాను. నిజంగా కొలిస్తే మూడుసార్లు ఒకే అంకె, అదీ చుక్కతో సహా రావడం అరుదు. వరసగా పద్దెనిమిది రోజులు రావడం అసాధ్యమనే అనుకోవచ్చు. ఎందుకు అలా రాస్తున్నారన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. సోమరితనం అనుకున్నాను.

మర్నాడు నేనే లారీ ఎక్కి గుచ్చాను. 2.3. 4.9. 9.2.

"చూడండి మేస్త్రీ గారూ. తలుపు దగ్గరది తొమ్మిది."

"మీ మిషను కొత్తది గదండీ. దానికింకా మా చేపలు అలవాటవ్వాలి."

వెనకాల ఎవరో నవ్వారు. నేను లారీని గంట ఆపించి, మళ్ళీ గుచ్చి, 7.6 చూశాక పంపించాను. అంతవరకు నేను చేసింది సరైనదే. ఆ తర్వాత చేసింది సరైనది కాదు. వారం రోజులు నేనే కొలిచాక, ఒక పెద్ద కాయితం తీసుకుని ఎడమవైపు పాత రిజిస్టరులో చివరి వారం అంకెలు, కుడివైపు నేను కొలిచిన వారం అంకెలు ఎర్ర ఇంకుతో రాసి, ఐసు మిషను పక్క గోడకి, ఆయన కుర్చీకి సరిగ్గా పైన అంటించాను. తేడా కళ్ళకి కనపడితే మనసు మారుతుందని నా నమ్మకం. నా విషయంలో అలాగే జరిగేది.

మర్నాడు ఎవరూ గొడవ చెయ్యలేదు. తొమ్మిదింటికి మొదటి ట్రే దగ్గర మేస్త్రీ పార పట్టుకుని నిలబడ్డాడు.

"దీనికి ఎన్ని పారలండీ?"

"రోజూ వేసినట్టే వెయ్యండి."

"అది అయ్యగారి పద్ధతండీ. మీరు చెప్పండి."

"కింద రెండు, మధ్య రెండు, పైన మూడు."

వేశాడు. రెండో ట్రే దగ్గరికి వచ్చాడు. "దీనికండీ?"

రెండువందల ట్రేలకీ అడిగాడు. వెటకారం లేదు, చాలా మర్యాదగా ప్రతిసారీ అండీ చేర్చి అడిగాడు. ఇటు కడిగే ఆవిడ, ఎన్ని చెంబుల నీళ్ళు పొయ్యాలో అడిగింది. లారీ నాలుగున్నరకి కదిలింది. ఎవరూ చెప్పిన మాట కాదనలేదు కాబట్టి నేను యజమానికి చెప్పడానికి ఏమీ లేదు. గోడ మీద కాయితం నేనే తీసేశాను. అప్పటికి దాని అంచులు తడిసి ఎర్ర ఇంకు కిందికి దిగింది.

ఇలాగే నెలలు గడిచి, ఇనస్పెక్టరు రావడానికి మూడువారాలే మిగిలింది. రిజిస్టరులో మేస్త్రీ రాసే రెళ్ళు నడుస్తూనే ఉన్నాయి. ఉద్యోగాలు పోతాయని తెలిసి కూడా వాళ్ళు ఎందుకు ఆ పని చేస్తున్నారో నాకు అంతుపట్టలేదు. నేను చెప్పింది నమ్మలేదేమో అనుకుని ఇంకోసారి, గట్టిగానే చెప్పాను. పదకొండుమందీ విన్నారు. మేస్త్రీ, "తెలుసండీ," అన్నాడు. అప్పుడు అలాగేనండీ అనలేదని గమనించాను.

ఆ రోజు పని అయ్యాక టీ గ్లాసు నాకు తెచ్చిచ్చింది కడిగే ఆవిడే. స్టూలు పక్కన నిలబడింది.

"మేనేజరు గారూ, మీకు లెక్కలు బాగా వచ్చంట గదా."

"కొంచెం వచ్చమ్మా."

"అయితే ఇది కట్టండి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, షుగరున్న మనిషి, రోజూ గంటన్నర లారీ దగ్గర నుంచుంటే కాళ్ళు ఎంత వాస్తాయి?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఆవిడే చెప్పింది. అయ్యగారి చూపు తగ్గుతూ వచ్చిందట. గాజు థర్మామీటరు మీది సన్నగీతలు కనపడేవి కావు. మేస్త్రీ చూసి చెబితే ఆయన రాసుకునేవారు. తొమ్మిదని చెబితే లారీ ఆపేసేవారు. దిగేదాకా కుర్చీలో కూర్చోరు, లారీ తలుపు పట్టుకుని నిలబడతారు. ఒకరోజు అలాగే కింద పడ్డారు. మర్నాటి నుంచి మేస్త్రీ మూడు ట్రేలకీ రెండు అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన సంతకం పెట్టి కూర్చునేవారు. ఆయన అటు తిరగ్గానే వీళ్ళు తలుపు దగ్గర వరసల మీద ఇంకా నాలుగేసి పారల ఐసు గుమ్మరించేవారు. ఇక్కడి నుంచి వెళ్ళిన చేప ఒక్కసారైనా తిరిగి రాలేదు. అది నిజం, నేనూ రికార్డుల్లో చూశాను.

"ఇప్పుడు మేం తొమ్మిదని రాశామనుకోండి, ఆ వచ్చేవాడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటాడు. మీరు గోడకి పెట్టినట్టే. ఇరవై రెండేళ్ళు చేసిన మనిషిని దొంగరాతలు రాశాడంటాడు. మా పని పోతే ఇంకో షెడ్డుకి పోతాం. ఆయన పేరు పోతే ఎక్కడికి పోతారండీ?"

గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

నేను కట్టిన లెక్కలో తప్పు ఎక్కడుందో చూసుకున్నాను. అంకెలు అబద్ధమని పట్టుకున్నాను, అది సరే. అబద్ధం ఎవరిదో, ఎవరి కోసమో, ఆ రెండూ తప్పు. నోటుబుక్కులో ముందు రాసిన వాక్యం కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

ఆదివారం ఏలూరులో ప్యాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఎవరితోనూ చెప్పలేదు. పెద్దాయన అరుగు మీద కూర్చుని రేడియో వింటున్నారు. నా అడుగుల చప్పుడు విని రేడియో తగ్గించారు. ఎవరో చెప్పుకున్నాను.

"కూర్చోండి. మీరేనా చుక్కలు వెయ్యమంటున్నది?"

"నేనేనండీ."

"మంచిదే. ఐసు ఫ్యాక్టరీలో చేశారట కదా. అక్కడివాళ్ళకి చుక్కంటే భయం ఉంటుంది."

ఎలా మొదలుపెట్టాలో దార్లో మూడు విధాలుగా అనుకున్నాను. మూడూ పనికిరాలేదు. ఇనస్పెక్టరు సంగతి, రెండు పుస్తకాల సంగతి, పదకొండుమంది సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. మేస్త్రీ ఆయనకి తప్పు చెప్పేవాడన్న మాట దగ్గర మాత్రం ఆగాను.

"ఆగకండి," అన్నారు. "మూడు ట్రేలు ఒకేలా ఉండవని నాకు తెలియదా ఏమిటండీ? ట్రేలో చెయ్యి పెడితే తెలుస్తుంది. తొమ్మిది తొమ్మిదిలాగే ఉంటుంది."

"మరి రాశారు కదండీ."

"వాళ్ళు నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. కూర్చోవడం బాగుంది. రాశాను." రేడియో ఆపేసి, "అది వాళ్ళు చెప్పిన అబద్ధం కాదండీ. నేను చెప్పించుకున్నది," అన్నారు.

ఆయనకి కోపం వచ్చిందో, బాధ కలిగిందో నేను చెప్పలేను. గొంతు మారలేదు. ఇంట్లోంచి కాయితం, పెన్ను తెమ్మని కేకేశారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. చాలా చిన్నది. ఫలానా ఆషాఢం నుంచి తనకి చూపు తగ్గిందనీ, అప్పటి నుంచి రిజిస్టరులో ఉన్న డిగ్రీలు కొలిచినవి కావనీ, తలుపు దగ్గర ట్రేలకి అదనంగా ఐసు వేయించడం మాత్రం రోజూ జరిగిందనీ, ఈ రాతలకి బాధ్యత పూర్తిగా తనదేననీ.

"అదనపు ఐసు సంగతి మీకు తెలుసా?" అని అడిగాను.

"పార చప్పుడు వినపడదా? చెవులు బానే ఉన్నాయి."

సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. పెట్టారు. ఒక వైపుకి దిగిపోయింది. అది అంటించాల్సింది పాత రిజిస్టరులోనే అనీ, చుక్కలు ఆగిన పేజీకి ఎదురుగా అనీ చెప్పారు.

"ముందు వాళ్ళకి చదివి వినిపించండి. నేను ఫోను చెయ్యను. నేను చేస్తే నా మాట విన్నట్టవుతుంది. రేపటి నుంచి వినాల్సింది మీది."

సోమవారం పొద్దున్న, చేపలు రాకముందు, ఆ కాయితం చదివాను. నాకు చదవడం బాగా రాదు, అంకెలు తప్ప మిగతావి తడబడతాను. మేస్త్రీ కాయితం అడిగి తీసుకుని సంతకం చూశాడు. ఆ వంకర సంతకాన్ని చాలాసేపు చూశాడు.

"ఆయనే పెట్టారాండీ?"

"నా ఎదురుగానే."

"పార చప్పుడు వినపడిందన్నారా?"

"అన్నారు."

కడిగే ఆవిడ ముక్కు చీదుకుని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది. మేస్త్రీ ఐసు మిషను వెనక చెయ్యి పెట్టి, రెండోవారంలో పోయిన థర్మామీటరు తీశాడు. పొడిగానే ఉంది. జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు రిజిస్టరులో 2.6, 5.2, 8.9 అని రాశాడు. లారీ ఆపించాడు. గంట తర్వాత 7.7 రాసి, తలుపు వేయించాడు. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్ళి ఫోను చేశాడు. ఈసారి నాకు వినపడలేదు.

చివర్లో నింపే ట్రేల చేపల్ని ముందు అరగంట ఐసునీళ్ళ తొట్టిలో ముంచి తీస్తే లారీ ఆపక్కర్లేదని నేను లెక్క కట్టాను. చెప్పాను. "చూద్దామండీ," అన్నారు. మూడురోజులు చూశారు. తర్వాత అలాగే చేశారు, కాకపోతే అరగంట కాదు, ముప్పావుగంట. ముప్పావుగంటే సరైనదని తర్వాత నా లెక్కలోనూ తేలింది. తొట్టిలో నీళ్ళు కదలవన్నది నేను మర్చిపోయాను.

ఇనస్పెక్టరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. అతని థర్మామీటరు తలుపు దగ్గర ట్రేలో 6.8 చూపింది, మేస్త్రీది 6.9. తర్వాత పాత రిజిస్టరు తిరగేశాడు. అంటించిన కాయితం దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు.

"ఈయన ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగాడు.

నేను చెప్పబోయాను. మేస్త్రీ ముందే చెప్పాడు. "రోజూ ఫోనులో ఉంటారండీ."

కుర్రాడు దాన్ని ఫోటో తీసుకుని రిజిస్టరు మూశాడు. మూడువారాల తర్వాత కంపెనీ ఒప్పుకుందని యజమాని ఫోను చేశారు. పాత రెండేళ్ళ రికార్డులూ, నేను వచ్చాక రాసిన రెళ్ళూ లెక్కలోకి తీసుకోలేదని, కొత్తవి చాలునని రాశారట. పదకొండుమందీ ఉన్నారు.

వాళ్ళు నన్ను ఇష్టపడ్డారని నేను అనుకోను. ఇప్పటికీ నేను మేనేజరు గారినే, ఆయన అయ్యగారే. కుర్చీ ఐసు మిషను పక్కనే ఉంది, నేను స్టూలు మీద కూర్చుంటాను. లారీ కదిలాక ఫోను వెళ్తుంది, తర్వాతే అన్నాలు.

కిందటి నెల ఒక మధ్యాహ్నం వాన ముంచుకొస్తుంటే మేస్త్రీ లారీలోంచి అంకెలు చెబుతున్నాడు, నేను కింద నిలబడి రాస్తున్నాను. చివరిది చెప్పేసరికి చినుకులు మొదలయ్యాయి. నేను ఏడు అని రాసి రిజిస్టరు మూసేశాను. మేస్త్రీ కిందికి దిగి, నా చేతిలోంచి రిజిస్టరు తీసుకుని తెరిచి, తన చొక్కా అడ్డంపెట్టి చూశాడు.

"చుక్క పక్కన ఏదండీ?" అన్నాడు.

"ఎంత చెప్పారు?"

"నాలుగండీ."

నాలుగు వేశాను. అప్పుడు తలుపు మూయించాడు.